దీపానికి వరదగుడి కట్టినప్పుడు

చంద్రుడి చుట్టూ పెద్ద వలయం కనిపిస్తే మన ఊళ్ళల్లో పెద్దవాళ్ళు "వరదగుడి కట్టింది" అంటారు. దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన అని దానికో లెక్క కూడా చెబుతారు. బాగానే ఉంది. మరి వంటింట్లో బల్బుకి, వీధి దీపానికి, ఎదురుగా వచ్చే కారు లైటుకి రంగురంగుల వరదగుడి కడితే? పక్కవాళ్ళకి కనబడకుండా మీ అమ్మగారికో, అత్తగారికో మాత్రమే కనబడితే? అప్పుడు చూడాల్సింది ఆకాశం వైపు కాదు, ఆవిడ కంటి వైపు.

ఈసారి సాఫ్ట్‌వేర్ కబుర్లు పక్కన పెట్టి ఈ సంగతి రాయడానికి ఓ కారణం ఉంది. మనలో చాలామంది ఇళ్ళకి అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండిపోదామని వస్తుంటారు. వాళ్ళ బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, మోకాళ్ళ నొప్పుల తైలాలు అన్నీ మనకి తెలుసు. కన్ను ఒక్క రాత్రిలో పోగలదని, అదీ తలనొప్పి, వాంతుల వేషంలో వచ్చి పోగలదని మాత్రం చాలామందికి తెలియదు. దీన్ని డాక్టర్లు అక్యూట్ యాంగిల్ క్లోజర్ గ్లకోమా అంటారు. గ్లకోమాకి మన తెలుగు పేరు నీటికాసులు. మామూలుగా మనం వినే నీటికాసులు ఏళ్ళ తరబడి చడీచప్పుడూ లేకుండా చూపుని అంచుల నుంచి తినేస్తాయి. ఇది ఆ జాతిదే అయినా ఇల్లంతా మేలుకొలిపి మరీ వస్తుంది.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. కంటి ముందు భాగంలో స్వచ్ఛమైన నీరు ఒకటి ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది. ఇది కన్నీరు కాదు, కంటి లోపలి నీరు. రోజు మొత్తం మీద ఊరేది ఒక టీస్పూనుకి తక్కువే. కంటికి రంగునిచ్చే గుండ్రటి తెర ఉంది కదా, దాన్ని ఐరిస్ అంటారు. దాని వెనక ఊరిన నీరు, ఐరిస్ మధ్యలో ఉన్న కనుపాప అనే రంధ్రం గుండా ముందు గదిలోకి వస్తుంది. అక్కడ ఐరిస్ అంచు, ముందున్న అద్దంలాంటి కార్నియా కలిసే మూలలో జల్లెడ లాంటి కణజాలం ఉంటుంది. దాని గుండా నీరు బయటకి ఇంకిపోతుంది. ఆ మూలనే యాంగిల్ అంటారు. ఊరేది, పోయేది సమానంగా ఉన్నంతకాలం కంటి లోపలి ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 పాదరసపు మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది.

కొందరి కళ్ళు పుట్టుకతోనే కాస్త పొట్టివి. ప్లస్ పవర్ కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళవి సాధారణంగా ఇలాంటివే. అందులో ముందు గది ఇరుకుగా ఉంటుంది. వయసు మీద పడేకొద్దీ లోపలి లెన్సు లావెక్కుతుంది, శుక్లం వస్తే ఇంకా లావవుతుంది. అది వెనక నుంచి ఐరిస్‌ని ముందుకి నెడుతుంది. అందుకే ఈ బాధ అరవై దాటినవాళ్ళలో, మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎక్కువ.

ఇక మిగిలింది కనుపాప సంగతి. వెలుతురులో కనుపాప చిన్నదవుతుంది, చీకట్లో పెద్దదవుతుంది. ప్రమాదం ఈ రెంటికీ మధ్య, సగం తెరుచుకున్నప్పుడు. ఆ స్థితిలో ఐరిస్ అంచు వెళ్ళి లెన్సుకి గట్టిగా ఆనుకుంటుంది. వెనక ఊరిన నీటికి ముందుకొచ్చే దారి మూసుకుపోతుంది. నీరు ఊరడం మాత్రం ఆగదు. దాంతో ఐరిస్ తెరచాపలా ముందుకి ఉబ్బి, పక్కనున్న మూలనీ, అంటే నీరు పోయే తూమునీ, మూసేస్తుంది. కొన్ని గంటల్లో ఒత్తిడి 50, 60 దాటిపోతుంది. ఆ ఒత్తిడికి కార్నియాలోకి నీరు చేరి అది ఉబ్బుతుంది. ఉబ్బిన కార్నియా గుండా దీపాన్ని చూస్తే కాంతి రంగులుగా విడిపోయి చుట్టూ వలయంలా కనిపిస్తుంది. అదే మన వరదగుడి.

ఇప్పుడు మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా అత్తయ్యగారికి 64 ఏళ్ళు. తెనాలి నుంచి వచ్చి న్యూజెర్సీలో మా ఇంట్లో నాలుగో నెల. ప్లస్ 3 కళ్ళజోడు. రెండు కళ్ళలోనూ శుక్లం మొదలైందని, ఇంకా ఆపరేషన్‌కి రాలేదని అక్కడి డాక్టరు చెప్పారు. డిసెంబరు చలికి జలుబు పట్టుకుంది. రాత్రి నిద్ర పట్టడానికని అమ్మే జలుబు సిరప్పు రెండు రోజులుగా వేసుకుంటున్నారు. మూడో రోజు రాత్రి భోజనాలయ్యాక హాల్లో లైట్లు తీసేసి అందరం పాత సినిమా చూస్తూ కూర్చున్నాం.

పది గంటలకి ఆవిడ కుడి కనుబొమ మీద చెయ్యి పెట్టుకుని "నుదురంతా లాగేస్తోందమ్మా" అన్నారు మా ఆవిడతో. లైటు వేస్తే, "ఆ బల్బు చుట్టూ ఏమిటే, వరదగుడి కట్టినట్టు రంగులు?" అన్నారు. పావుగంటలో మొదటి వాంతి. పదకొండున్నరకల్లా నాలుగు వాంతులు. "గుత్తొంకాయ కూర పడలేదు, పైత్యం చేసింది. కాస్త నిమ్మకాయ నీళ్ళివ్వండి అల్లుడుగారూ, తగ్గిపోతుంది" అన్నారు. తల పగిలిపోతోందని కూడా అన్నారు. కన్ను నొప్పి అన్న మాట ఆవిడ నోటి నుంచి ఒక్కసారి కూడా రాలేదు.

ఈ జబ్బులో అసలు చిక్కు ఇదే. కంటికి, నుదుటికి, చెంపకి నొప్పిని మోసే నరం ఒకటే కాబట్టి నొప్పి కంట్లో పుట్టినా సగం తలంతా పాకుతుంది. అంత తీవ్రమైన కంటి నొప్పి కడుపుని కూడా తిప్పేస్తుంది. మా వృత్తిలో దీన్ని రోజూ చూస్తాం: ఎర్రర్ మెసేజ్ ఒక ప్రోగ్రామ్‌లో వస్తుంది, బగ్ ఇంకో ప్రోగ్రామ్‌లో ఉంటుంది. మెసేజ్ వచ్చిన చోటే వెతుకుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. ఇక్కడ మెసేజ్ కడుపులో, తలలో. బగ్ కంట్లో.

ఆ వరదగుడి మాట మా ఆవిడ చెవిలో నిలిచిపోయింది. ఆవిడ టార్చి తెచ్చి రెండు కళ్ళూ పక్కపక్కన చూసింది. ఎడమ కన్ను తెల్లగా, కనుపాప టార్చి వెలుగుకి ఠక్కున చిన్నదవుతోంది. కుడి కన్ను ఎర్రగా ఉంది. కనుపాప ఎడమదానికంటే పెద్దగా ఉంది, వెలుగు వేసినా కదలడం లేదు. నల్లగుడ్డు మీద ఆవిరి పట్టిన అద్దంలా మసక. ఎడమ కన్ను మూసి వేళ్ళు చూపిస్తే, "చెయ్యి ఊపుతున్నట్టుంది, వేళ్ళు తెలీడం లేదు" అన్నారు అత్తయ్యగారు. ఈ పరీక్ష మొత్తానికి రెండు నిమిషాలు పట్టింది. ఎర్రటి కన్ను, కదలని కనుపాప, మసక, పడిపోయిన చూపు. ఇవన్నీ ఒకే కంట్లో కనబడితే ఇక నిమ్మకాయ నీళ్ళ ప్రసక్తి లేదు, తెల్లారేదాకా ఆగడమూ లేదు.

విజిటర్ ఇన్సూరెన్స్ దీనికి ఇస్తుందా ఇవ్వదా అన్న ఆలోచన ఆ సమయంలో ఎవరికైనా వస్తుంది. అమెరికాలో 1986 నాటి చట్టం ప్రకారం మెడికేర్ డబ్బు తీసుకునే ఆసుపత్రులు ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళని, డబ్బు కట్టగలరా లేదా అన్నదానితో పని లేకుండా, పరీక్షించి ప్రమాదం నుంచి బయటపడేయాలి. బిల్లు తర్వాత వస్తుంది, అది నిజం. కానీ బిల్లు సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు. పోయిన కంటి నరం గురించి తర్వాత మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు.

పన్నెండుంపావుకి ఎమర్జెన్సీలో ఉన్నాం. ముందు చూసే నర్సు బీపీ చూస్తే 180 మీద ఉంది. అరవై దాటిన మనిషి, తలనొప్పి, వాంతులు, బీపీ అంటే ఎవరి ఆలోచనైనా మెదడు వైపే పోతుంది. అది న్యాయమే. అందుకే ఆవిడ తెలుగులో చెప్పినవన్నీ ఆవిడ చెప్పిన వరసలో కాకుండా, ముందు కంటి సంగతి ఇంగ్లీషులో చెప్పాను: కుడి కన్ను రెండు గంటల నుంచి ఎర్రగా ఉంది, చూపు పడిపోయింది, దీపాల చుట్టూ రంగు వలయాలు కనిపిస్తున్నాయి, ఆ తర్వాత తలనొప్పి, వాంతులు. వేసుకున్న జలుబు మందు సీసా కూడా చేతిలో పెట్టాను. పెద్దవాళ్ళకి దుబాసీగా వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది. మొదటి వాక్యంలో కన్ను ఉంటే డాక్టరు చెయ్యి కంటి వైపు వెళుతుంది. తల, కడుపు మాత్రమే ఉంటే స్కానింగు గదికి వెళుతుంది.

డాక్టరు వచ్చి మూసిన రెప్ప మీద నుంచి రెండు కళ్ళనీ వేలితో మెల్లగా తాకి చూసింది. ఎడమది మామూలుగా మెత్తగా ఉంది, కుడిది గోలీకాయలా గట్టిగా ఉందని చెప్పింది. తర్వాత చుక్కలతో కంటిని మొద్దుబార్చి, టోనోమీటరు అనే పెన్ను లాంటి పరికరంతో ఒత్తిడి కొలిచింది. ఎడమ కన్ను 17. కుడి కన్ను 58.

ఇక్కడి నుంచి చికిత్స రెండు మెట్లు. మొదటిది మందులతో ఒత్తిడి దింపడం, రెండోది మళ్ళీ మూసుకుపోకుండా దారి చేయడం. మొదటి మెట్టులో ఆవిడని వెల్లకిలా పడుకోబెట్టారు, లెన్సు కాస్త వెనక్కి జారుతుందని. టిమోలాల్ చుక్కలు, బ్రిమోనిడిన్ చుక్కలు వేశారు. ఇవి నీరు ఊరడాన్ని తగ్గిస్తాయి. అసెటజోలమైడ్ 500 మిల్లీగ్రాములు నరంలోకి ఎక్కించారు. అదీ నీటి ఊటని తగ్గించేదే, చుక్కలకంటే బలంగా. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ చుక్కలు, వాంతులకి ఒండాన్‌సెట్రాన్, నొప్పికి వేరే మందు.

ఆ మందులిచ్చే ముందు వాళ్ళు మూడు ప్రశ్నలడిగారు. వాటికి జవాబులు ఇంట్లోవాళ్ళకి తెలిసి ఉండాలి. ఆస్త్మా ఉందా? ఉంటే టిమోలాల్ ఊపిరి ఆడనివ్వకపోవచ్చు. సల్ఫా మందులు ఎప్పుడైనా పడలేదా? కిడ్నీలు సరిగ్గా పనిచేస్తున్నాయా? ఈ రెండూ అసెటజోలమైడ్ కోసం. అత్తయ్యగారికి మూడూ లేవు. ఈ మందులకి దిగకపోతే మానిటాల్ అనే ద్రావణం ఎక్కిస్తారు. అది కంట్లోని నీటిని రక్తంలోకి లాగేస్తుంది గానీ గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి భారం అవుతుంది. మాకు ఆ అవసరం రాలేదు.

కనుపాపని చిన్నది చేసి ఐరిస్‌ని మూల నుంచి వెనక్కి లాగే పైలోకార్పిన్ చుక్కలు కూడా ఉన్నాయి. చికిత్స అంటే అదే కదా, మొదటే ఎందుకు వేయలేదని అడిగాను. అంత ఒత్తిడిలో ఐరిస్ కండరానికి రక్తం అందదు, మందు వేసినా కదలదు, కొంచెం దిగాక వేస్తే పనిచేస్తుంది అన్నారు రాత్రి డ్యూటీలో ఉండి వచ్చిన కంటి డాక్టరు. గంటన్నరకి 41కి దిగాక ఆ చుక్కలు వేశారు. తెల్లవారుజామున నాలుగింటికి 22. అత్తయ్యగారు కళ్ళు తెరిచి, "గుడి పోయింది" అన్నారు. ఆ తర్వాత వేళ్ళు చివచివలాడుతున్నాయని, మాటిమాటికీ ఒంటేలుకి వస్తోందని గొణిగారు. రెండూ అసెటజోలమైడ్ చేసే పనులే, భయపడక్కర్లేదన్నారు.

నొప్పి పోయింది కదా అని ఇంటికొచ్చి ఊరుకుంటే అది మళ్ళీ వస్తుంది. ఇరుకు అలాగే ఉంది కాబట్టి. రెండో మెట్టు అందుకే. మర్నాడు కార్నియా తేటపడ్డాక లేజర్‌తో ఐరిస్ అంచున, పైరెప్ప దగ్గర, చిన్న కంత పెట్టారు. సైజు మిల్లీమీటరులో ఐదో వంతు. దీన్ని ఇరిడాటమీ అంటారు. మత్తు చుక్కలు వేసి, కంటి మీద ఒక లెన్సు ఆనించి, కూర్చోబెట్టే చేశారు. పది నిమిషాల పని. ఇక కనుపాప దగ్గర దారి మూసుకున్నా వెనకున్న నీరు ఈ కంత గుండా ముందుకొచ్చేస్తుంది, ఐరిస్ తెరచాపలా ఉబ్బదు. ఈ ఆలోచన కొత్తది కాదు. 1857లోనే బెర్లిన్‌లో ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రాఫే అనే డాక్టరు ఐరిస్‌లో చిన్న ముక్క కోసి తీసేస్తే ఈ రకం నీటికాసులు శాంతిస్తాయని ప్రకటించారు. ఆయన కత్తితో చేసినది ఇప్పుడు లేజర్‌తో చేస్తున్నారు.

వారం తిరక్కుండా ఎడమ కంటికీ అదే కంత పెట్టారు. బాగున్న కంటికి ఎందుకని అత్తయ్యగారు ఒప్పుకోలేదు మొదట. రెండు కళ్ళూ ఒకే అచ్చులో పోసినవి. ఒక కంటికి వచ్చినవాళ్ళలో, ఏమీ చేయకుండా వదిలేస్తే సుమారు సగం మందికి ఐదేళ్ళలో రెండో కంటికీ వస్తుందని డాక్టరు చెప్పాక ఒప్పుకున్నారు. కొన్ని కళ్ళకి కంత ఒక్కటే సరిపోదు, లావెక్కిన లెన్సే అసలు ఇరుకు. అలాంటప్పుడు శుక్లం ఆపరేషన్ చేసి పల్చటి కృత్రిమ లెన్సు పెడితే మూల బాగా తెరుచుకుంటుంది. మా అత్తయ్యగారికి ఆ సలహా కూడా ఇచ్చారు. తర్వాత అది తెనాలి వెళ్ళాక చేయించుకున్నారు. కుడి కంటి చూపు చాలావరకు తిరిగి వచ్చింది. పక్క చూపులో మాత్రం కొంచెం లోటు మిగిలింది. ఆరు గంటల ఒత్తిడికి కంటి నరం కట్టిన సుంకం అది.

ఇంతకీ సిరప్పు సంగతి. రాత్రి వేసుకునే జలుబు మందుల్లో డైఫెన్‌హైడ్రమైన్, డాక్సిలమైన్ లాంటివి ఉంటాయి, ముక్కు దిబ్బడ మందుల్లో సూడోఎఫెడ్రిన్, ఫినైలెఫ్రిన్ ఉంటాయి. ఇవన్నీ ఎంతో కొంత కనుపాపని పెద్దవి చేసేవే. పడవ ప్రయాణానికి చెవి వెనక అంటించుకునే స్కోపాలమైన్ పట్టీ కూడా అంతే. మనవాళ్ళు సూట్‌కేసులో తెచ్చుకునే ప్రయాణపు వాంతుల మాత్రల్లో కొన్నిటిలో ఉండే ప్రోమెథజైన్ కూడా ఆ కుటుంబానికి చెందిందే. ఈ రాత్రి వాంతులు ఆగాలని అది వేస్తే మంటలో నెయ్యి పోసినట్టు. డబ్బాల మీద "గ్లకోమా ఉంటే డాక్టరుని అడగండి" అని రాసే ఉంటుంది. తమాషా ఏమిటంటే, గ్లకోమా ఉందని తెలిసి చుక్కలు వేసుకునేవాళ్ళలో ఎక్కువమందికి మూల తెరిచే ఉంటుంది, వాళ్ళకి ఈ మందులతో ఈ ప్రమాదం అంతగా ఉండదు. ప్రమాదం ఉన్నవాళ్ళకి తమకి ఇరుకు మూల ఉందనే తెలియదు, కాబట్టి ఆ హెచ్చరిక తమకి కాదనుకుంటారు.

తెలియడానికి దారి లేదా అంటే ఉంది. అత్తయ్యగారు ఆ తర్వాత తీరుబడిగా చెప్పారు. అమెరికా రాకముందు రెండు నెలల్లో నాలుగైదుసార్లు, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి కుడివైపు తలనొప్పి వచ్చి, లైట్ల చుట్టూ రంగులు కనబడ్డాయట. పడుకుని లేచేసరికి మామూలే. కళ్ళజోడు పవర్ మారిందనుకున్నారు. పడుకుంటే ఎందుకు తగ్గుతుందో ఇప్పుడు మీకూ అర్థమై ఉంటుంది: నిద్రలో కనుపాప చిన్నదవుతుంది, అతుక్కున్న దారి విడిపోతుంది. సాయంత్రం వచ్చి, ఒక కంటికే పరిమితమై, నిద్రతో తగ్గే తలనొప్పి, దానితోపాటు దీపం చుట్టూ రంగుల గుడి. ఈ నాలుగూ కలిసి వస్తే అది తగ్గిపోయిన జబ్బు కాదు, ముందుగా వచ్చిన కబురు. శుక్లం ఉన్నవాళ్ళకీ లైట్లు చెదిరినట్టు కనిపిస్తాయి గానీ అది ఇలా వచ్చిపోదు, రోజూ ఉంటుంది.

ఇలాంటి హెచ్చరికలు అందరికీ రావని కూడా చెప్పాలి. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు హైదరాబాదులో ఇంటింటికీ తిరిగి చేసిన అధ్యయనం 2000లో అచ్చయింది. అందులో నలభై దాటినవాళ్ళలో సుమారు నూటికి ఒకరికి మూల మూసుకునే రకం నీటికాసులు కనబడ్డాయి. మనవాళ్ళలో ఈ రకం చాలావరకు నొప్పి లేకుండా నెమ్మదిగానే నడుస్తుంది. కాబట్టి నొప్పి రాలేదంటే మూల బాగున్నట్టు కాదు.

అమ్మానాన్నలు విమానం ఎక్కేముందు పళ్ళ డాక్టరు దగ్గరికి, గుండె డాక్టరు దగ్గరికి పంపిస్తాం. కంటి డాక్టరు దగ్గరికి కూడా పంపి, ఒక్క ప్రశ్న అడిగించండి: "మూల తెరిచి ఉందా, ఇరుకుగా ఉందా?" దీనికి గోనియోస్కోపీ అనే పరీక్ష ఉంది. కంటి మీద చిన్న అద్దాల లెన్సు ఆనించి ఆ మూలని నేరుగా చూస్తారు, ఐదు నిమిషాలు పడుతుంది. కళ్ళజోడు కోసం చేసే మామూలు పరీక్షలో ఇది ఉండదు, అడిగితేనే చేస్తారు. ప్లస్ పవర్ కళ్ళజోడు ఉన్నవాళ్ళకి, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చి ఉన్నవాళ్ళకి తప్పకుండా చేయించండి. ఇరుకుగా ఉన్న ప్రతివాళ్ళకీ లేజర్ అక్కర్లేదు, ఎవరికి కావాలో డాక్టరు చెబుతారు. ఆ జవాబుని కాగితం మీద రాయించుకుని పాస్‌పోర్టు ఉన్న కవర్లోనే పెట్టమనండి. ఇక్కడ ఎమర్జెన్సీ గదిలో రాత్రి పన్నెండింటికి ఆ ఒక్క వాక్యం డాక్టరుకి గంట సేపు మిగులుస్తుంది.